ఎస్‌డి పెట్టాలా, ఎస్‌ఈ పెట్టాలా? బోరు నీళ్ల ఫ్లోరైడ్ ప్రాజెక్టుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండలో కెమిస్ట్రీ చదివే పిల్లల్ని ప్రాజెక్టుకు ఏం తీసుకున్నారని అడిగితే సగం మంది ఫ్లోరైడ్ అనే అంటారు. ఊళ్లో బోరు ఉంది, ల్యాబులో ఎలక్ట్రోడ్ ఉంది, ఇంట్లో నాయనమ్మకు మోకాళ్లు వంగవు. విషయం కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. చిక్కంతా రీడింగులు వచ్చాక మొదలవుతుంది. రిపోర్టులో బొమ్మ గీసి, బార్ల మీద చిన్న గీతలు పెట్టి తెస్తారు. ఆ గీత ఏమిటని అడిగితే "ఎర్రర్ బార్ సర్" అంటారు. దేని ఎర్రర్ అంటే మౌనం. బోర్లు ఒకదానికొకటి ఎంత వేరుగా ఉన్నాయో చెప్పే ఎస్‌డియా, కట్టిన సగటు ఎంత ఖాయమో చెప్పే ఎస్‌ఈయా అన్నది తెలియదు.

ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోవచ్చు. ఉదాహరణల్లోని అంకెలు లెక్క సులువుగా ఉండాలని నేను కల్పించినవి, ఏ ఊరి నీళ్లవీ కావు.

## నీళ్లు పట్టుకు రాకముందు

ఒక్కో బోరుకు మూడు రీడింగులు చాలా సర్, పది తియ్యాల్నా?

మూడు చాలు. ఆ ఓపిక ఇంకో నాలుగు బోర్లు తిరగడానికి వాడండి.

ఒకే బోరు నీళ్లను మూడుసార్లు కొలిస్తే మీటరు, మీ చెయ్యి ఎంత నిలకడగా ఉన్నాయో తెలుస్తుంది. 2.0, 2.1, 2.2 వచ్చాయంటే కొలత లీటరుకు 0.1 మిల్లీగ్రాము అటూ ఇటూ ఊగుతోందని అర్థం. ఊళ్లో పక్క బోరుకూ దీనికీ ఎంత తేడా ఉందో మాత్రం ఆ మూడూ చెప్పవు, ముప్పై తీసినా చెప్పవు.

ఆ మూడు కూడా ఎలా తీశారన్నది చూడాలి. ఒకే బీకరులో ఎలక్ట్రోడ్ ఉంచి, అంకెను మూడుసార్లు చూసి రాసుకుంటే అది మూడు రీడింగులు కాదు, ఒకే రీడింగును మూడుసార్లు చదవడం. సీసాలోంచి మూడుసార్లు విడివిడిగా పిపెట్‌తో తీసి, ప్రతిసారీ టిస్యాబ్ బఫర్ కొత్తగా కలిపి, ఎలక్ట్రోడ్ కడిగి తుడిచి కొలవండి. అప్పుడే పిపెట్ తప్పూ, కలపడంలో తేడా కూడా ఆ మూడింటిలో బయటపడతాయి.

ఎన్ని బోర్లు తిరిగితే ఎస్‌ఈ సగం అయితది?

నాలుగు రెట్లు. ఎస్‌ఈ అంటే ఎస్‌డిని బోర్ల సంఖ్య n వర్గమూలంతో భాగించడమే కాబట్టి, ఐదు బోర్లతో వచ్చిన ఎస్‌ఈని సగం చేయాలంటే ఇరవై బోర్లు కావాలి. బోర్ల మధ్య ఎస్‌డి 1.10 అనుకోండి. ఐదు బోర్లకు ఎస్‌ఈ 0.49, ఇరవై బోర్లకు దాదాపు 0.25.

ఇరవై తిరిగినా ఎస్‌డి మాత్రం 1.10 దగ్గర్లోనే ఉంటుంది. అది ఆ ఊరి భూమి గుణం. మీరు ఎక్కువ కష్టపడ్డారని బోర్లన్నీ ఒకేలా అయిపోవు కదా.

## రీడింగులు చేతికి వచ్చాక

ఎస్‌డికి, ఎస్‌ఈకి తేడా ఏంది? ఫార్ములా వద్దు, మామూలు మాటల్లో చెప్పుండ్రి.

ఎస్‌డి, అంటే ప్రామాణిక విచలనం, బోర్ల గురించి చెబుతుంది. ఒక బోరుకూ ఇంకో బోరుకూ ఫ్లోరైడ్ ఎంత వేరుగా ఉంటుందో అది చూపిస్తుంది. ఎస్‌ఈ, అంటే ప్రామాణిక దోషం, మీరు కట్టిన సగటు గురించి చెబుతుంది. రేపు అదే ఊళ్లో వేరే ఐదు బోర్లు పట్టుకుని సగటు కడితే అది ఈ సగటుకు ఎంత దూరంలో పడొచ్చో దాంతో అంచనా వేయొచ్చు.

కొత్తగా వచ్చిన కోడలు "ఈ ఊరి నీళ్లు ఎట్లుంటయ్?" అని అడిగిందనుకోండి. "ఒక్కో బోరు ఒక్కో తీరు, కొన్ని బాగుంటయ్, కొన్ని అస్సలు తాగలేం" అంటే మీరు ఎస్‌డి చెప్పినట్టు. "సగటున 2.7, ఆ సగటు నేను ఐదు బోర్లే చూసి చెప్తున్న, కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు" అంటే ఎస్‌ఈ చెప్పినట్టు.

ఐదు బోర్లు, ఒక్కోదానికి మూడు రీడింగులు. n పదిహేను రాయాల్నా, ఐదు రాయాల్నా?

ఐదు. అన్నిటికంటే ఎక్కువ రిపోర్టులు పాడయ్యేది ఇక్కడే. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టూ ఇక్కడే పాడయింది. నేను n పెద్ద అంకెగా రాసుకుని దర్జాగా వైవాకు వెళ్లాను. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ బొమ్మ చూసి ఒక్కటే అడిగారు: "ఎన్ని బోర్ల దగ్గరికి పోయినవు బాబూ?"

లెక్క చేసి చూద్దాం. విలువలు లీటరుకు మిల్లీగ్రాముల్లో:

| బోరు | రీడింగులు | సగటు |
|---|---|---|
| అ | 2.0, 2.1, 2.2 | 2.1 |
| ఆ | 3.3, 3.4, 3.5 | 3.4 |
| ఇ | 1.1, 1.2, 1.3 | 1.2 |
| ఈ | 2.7, 2.8, 2.9 | 2.8 |
| ఉ | 3.9, 4.0, 4.1 | 4.0 |

ముందు ఒక్కో బోరు మూడు రీడింగులకు సగటు కట్టాలి. అప్పుడు చేతిలో ఐదు అంకెలుంటాయి. వాటి సగటు 2.7. ఆ సగటు నుంచి తేడాలు −0.6, 0.7, −1.5, 0.1, 1.3. వాటి వర్గాల మొత్తం 4.80. దాన్ని 4తో భాగిస్తే 1.20, వర్గమూలం 1.10. అదే ఎస్‌డి. దాన్ని √5తో భాగిస్తే ఎస్‌ఈ 0.49.

ఇప్పుడు తప్పు దారిలో, పదిహేను రీడింగుల్నీ ఒకే కుప్పగా పోసి లెక్క కట్టండి. సగటు అదే 2.7. ఎస్‌డి 1.02. √15తో భాగిస్తే ఎస్‌ఈ 0.26. అంటే కొత్తగా ఒక్క బోరు కూడా చూడకుండా సగటు మీద నమ్మకం దాదాపు రెట్టింపయింది. ఇ బోరు నీళ్లను మూడుసార్లు కొలిచినంత మాత్రాన అవి మూడు బోర్లు కాలేదు. ఒకే బోరు రీడింగులు అన్నదమ్ముల్లాంటివి, ఒకటి చూస్తే మిగతా రెండూ ఎలా ఉంటాయో ముందే తెలుస్తుంది. మీరేమో వాటిని వేర్వేరు ఇళ్ల వాళ్లుగా లెక్కబెట్టారు.

ఎప్పుడైనా అనుమానం వస్తే ఈ ప్రశ్న వేసుకోండి: నా మాట దేని గురించి? ఊరి బోర్ల గురించి అయితే n అంటే బోర్లు. "ఈ ఎలక్ట్రోడ్ ఎంత నిలకడగా కొలుస్తుంది" అన్నదే మీ ప్రాజెక్టు అయితే, అప్పుడు రీడింగులే n.

ఎక్సెల్‌లో STDEV.S, STDEV.P రెండున్నయి. ఏది?

`STDEV.S`. మీ ఐదు బోర్లు ఊళ్లోని బోర్లన్నిటికీ మచ్చు మాత్రమే కాబట్టి n−1తో భాగించేది కావాలి. `STDEV.P` నేరుగా nతో భాగిస్తుంది, ఊళ్లోని బోర్లన్నీ కొలిచేసినప్పుడు అది సరిపోతుంది. ఐదు అంకెలకు తేడా చిన్నదేం కాదు: మొదటిది 1.10 ఇస్తే రెండోది 0.98 ఇస్తుంది. ఎస్‌ఈకి ఎక్సెల్‌లో విడిగా ఫంక్షన్ లేదు, ఇలా కట్టుకోవాలి:

```
=STDEV.S(B2:B6)/SQRT(COUNT(B2:B6))
```

B2 నుంచి B6 వరకు ఉండాల్సింది బోర్ల సగటులు, విడి రీడింగులు కావు.

ఒక రీడింగ్ దూరంగ వచ్చింది సర్, తీసేస్తే బాగుంటది కదా?

బాగుంటుంది, నిజమే. చిక్కూ అదే.

1.1, 1.2, 1.9 వచ్చాయనుకోండి. ముందు నోటుబుక్కు తెరవండి. ఆ 1.9కి ముందు ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు కొలిచి, ఎలక్ట్రోడ్‌ను సరిగా కడగలేదా? తక్కువ గాఢత నీళ్లలో ఎలక్ట్రోడ్ నిలకడకు రావడానికి ఎక్కువసేపు పడుతుంది, అంకె ఆగకముందే రాసేశారా? అలాంటి కారణం అప్పుడే, ఆ రోజే రాసి ఉంటే ఆ రీడింగు పక్కన పెట్టి, అదే సీసాలోంచి మళ్లీ తీసి కొలవండి. పక్కన పెట్టిన సంగతి, కారణంతో సహా, రిపోర్టులో ఉండాలి. కారణమేదీ దొరకకపోతే రీడింగు ఉంచండి. గీత పొడుగవుతుంది, కానివ్వండి.

దూరంగా వచ్చిన బోరు సంగతి వేరు. నాలుగు బోర్లలో 2 దాటి, ఒకదానిలో 1.2 వచ్చిందంటే అది తప్పు రీడింగు కాదు. ఆ బోరు నీళ్లే అంత. దాన్ని తీసేస్తే ఊళ్లో ఉన్న ఒక్క మంచి బోరునూ మీరే పూడ్చినట్టు.

మూడు రీడింగులు అచ్చం ఒక్కటే వచ్చినయ్. ఇగ నా విలువ కరెక్టే కదా?

మూడూ ఒకదానితో ఒకటి సరిపోయాయి, అంతవరకే. నిజమైన విలువతో సరిపోయాయో లేదో ఎస్‌డి చెప్పదు, ఎస్‌ఈ చెప్పదు.

కాలిబ్రేషన్‌కు చేసుకున్న స్టాండర్డ్ ద్రావణం పదిశాతం పలచబడి ఉంటే, మీ రీడింగులన్నీ ఒకే నిష్పత్తిలో పక్కకు జరుగుతాయి. గీత మాత్రం చిన్నగా, అందంగానే ఉంటుంది. పటిక వేసి శుద్ధి చేసిన నీళ్లలో ఇంకో మోసం ఉంది. అందులో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఉంచుతుంది, ఎలక్ట్రోడ్‌కు కనబడనివ్వదు. టిస్యాబ్‌లో సీడీటీఏ వేసేది ఆ పట్టు విడిపించడానికే. అది చాలకపోతే మూడు రీడింగులూ ఒకే తీరుగా తక్కువ చూపిస్తాయి, మీరేమో శుద్ధి బ్రహ్మాండంగా జరిగిందని రాసుకుంటారు.

దీన్ని పట్టుకునే దారి ఒకటే. ఆ నీళ్లలోనే తెలిసినంత ఫ్లోరైడ్ కలిపి, కలిపినంతా తిరిగి కనిపిస్తుందో లేదో కొలిచి చూడాలి. లీటరుకు 1.0 మిల్లీగ్రాము పెరిగేలా కలిపితే రీడింగు 0.7 మాత్రమే పెరిగిందంటే, అది ఎర్రర్ బార్‌తో తీరే సమస్య కాదు.

## బొమ్మ గీసేటప్పుడు

బార్ మీద ఎస్‌డి పెట్టాల్నా, ఎస్‌ఈ పెట్టాల్నా? ఎస్‌ఈ పెడితే నీట్‌గ కనిపిస్తది.

నీట్‌గా కనిపిస్తుందని పెడితే తప్పు. ఐదు బోర్లకు ఎస్‌ఈ ఎప్పుడూ ఎస్‌డిలో సగంకంటే తక్కువే ఉంటుంది, కాబట్టి బొమ్మ చూసినవాళ్లు ఊళ్లో బోర్లన్నీ దాదాపు ఒకటే అనుకుంటారు. 2.7 ± 0.49 అని చూసిన మనిషి నీళ్లు 2.2కీ 3.2కీ మధ్యే ఉంటాయనుకుంటాడు. నిజానికి 1.2 ఉన్న బోరూ ఉంది, 4.0 ఉన్న బోరూ ఉంది.

బోర్లు ఎంత వేర్వేరుగా ఉన్నాయో చూపించాలంటే ఎస్‌డి. సగటు ఎంత ఖాయమో చూపించాలంటే ఎస్‌ఈ, దానికంటే మేలు 95 శాతం విశ్వాస అంతరం. ఏది పెట్టినా తప్పు కాదు, ఏది పెట్టారో చెప్పకపోవడమే తప్పు.

నన్నడిగితే, ఐదు బోర్లకు బారే వద్దు. ఐదు చుక్కలు పెట్టండి, సగటు దగ్గర ఒక అడ్డగీత గీయండి, 1.5 దగ్గర తాగునీటి పరిమితి గీత చుక్కలతో గీయండి. ఐదు అంకెల్ని దాచిపెట్టి, వాటి బదులు రెండు అంకెలు చూపించడం ఎందుకు? మూడు బోర్లే ఉంటే ఇంకా చెప్పనక్కర్లేదు, మూడు చుక్కలు పెట్టి ఊరుకోండి. చుక్కలు కుదరక బార్లే గీస్తే మాత్రం నిలువు అక్షం సున్నా నుంచి మొదలవ్వాలి.

ఎక్సెల్‌లో ఎర్రర్ బార్స్ నొక్కితే అన్ని బార్లకు ఒకే పొడవు గీత వచ్చింది. ఎందుకు?

ఎక్సెల్‌కు మీ రీడింగులు తెలియవు. దానికి కనిపించేది బార్ల ఎత్తులే. మెనూలో `Standard Error` నొక్కితే ఆ ఎత్తుల నుంచే ఏదో ఒక అంకె లెక్కగట్టి అన్నిటికీ అదే అతికిస్తుంది. `Percentage` అయితే ప్రతి బారుకూ దాని ఎత్తులో 5 శాతం గీస్తుంది, దానికీ మీ ప్రయోగానికీ ఏ సంబంధమూ లేదు. ఆ 5 శాతం గీతలతో బైండింగ్ దాకా పోయిన రిపోర్టులు చూశాను.

ఎస్‌డిలు మీరే ఒక వరసలో లెక్కగట్టుకుని, `More Options` లోకి వెళ్లి, `Custom` ఎంచుకుని, `Specify Value` నొక్కి, పైకీ కిందికీ రెండు పెట్టెల్లోనూ ఆ వరసే ఇవ్వండి. తర్వాత ఒక్క బారు పట్టుకుని స్కేలుతో సరిచూడండి. సగటు 3.4, ఎస్‌డి 0.1 అయితే గీత 3.3 నుంచి 3.5 వరకే ఉండాలి.

పటిక, సున్నం వెయ్యకముందు, వేసినంక రెండు బార్లు గీసిన. గీతలు ఒకదానిమీద ఒకటి పడ్డయ్. అంటే తేడా లేనట్టేనా?

కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్లు తయారుచేశారు. దానికి పేరే నల్గొండ టెక్నిక్. మన పేరున్న పద్ధతికి మన బొమ్మలోనే అన్యాయం జరగకూడదు.

ఐదు బోర్ల నీళ్లు శుద్ధికి ముందు 2.1, 3.4, 1.2, 2.8, 4.0. శుద్ధి తర్వాత అదే వరసలో 0.9, 1.6, 0.6, 1.2, 1.7. ముందు సగటు 2.7, ఎస్‌డి 1.10, కాబట్టి గీత కింది కొస 1.60 దగ్గర ఉంటుంది. తర్వాత సగటు 1.2, ఎస్‌డి 0.46, పై కొస 1.66. రెండూ కొద్దిగా కలిశాయి. చూసినవాళ్లు "పెద్ద తేడా లేదు" అంటారు. కానీ ఐదు బోర్లలో ఏ ఒక్కటీ తగ్గకుండా లేదు.

ఎస్‌డి గీతలు చెప్పేది బోరుకూ బోరుకూ తేడా. మీ ప్రశ్న అది కాదు, ఒకే నీళ్లలో ముందుకూ తర్వాతకూ తేడా. అందుకని బోరు వారీగా ఎంత తగ్గిందో తీయండి: 1.2, 1.8, 0.6, 1.6, 2.3. సగటు తగ్గుదల 1.5, ఎస్‌డి 0.64, ఎస్‌ఈ 0.29. సగటు తగ్గుదల సున్నాకు ఐదు ఎస్‌ఈల కంటే దూరంలో ఉంది. బొమ్మలో ఎడమవైపు ముందు చుక్క, కుడివైపు తర్వాత చుక్క పెట్టి, ఒకే బోరు చుక్కల్ని గీతతో కలపండి. ఐదు గీతలూ కిందికే వాలి కనిపిస్తాయి.

వేర్వేరు ఊళ్ల బోర్లను పోల్చేటప్పుడు ఇలా జతలు కట్టడం కుదరదు. అక్కడ ఎస్‌ఈ గీతలు కలవలేదు కాబట్టి తేడా ఖాయం అని కూడా రాయొద్దు. కొసలు తాకీ తాకనట్టు ఉన్న రెండు ఎస్‌ఈ గీతలు తేడాకు గట్టి సాక్ష్యం కావు, టి-పరీక్ష చేసి చూడాలి.

## రిపోర్టు రాసేటప్పుడు, వైవాలో

బొమ్మ కింద ఏం రాయాలె? "ఎర్రర్ బార్స్ చూపబడినవి" అంటే సరిపోదా?

సరిపోదు. గీత ఏమిటి, n ఎంత, n అంటే ఏమిటి, ఒక్కో చుక్క దేని సగటు, ఈ నాలుగూ ఉండాలి. ఇలా రాయొచ్చు:

"బోరు నీళ్లలో ఫ్లోరైడ్. ఒక్కో చుక్క ఒక బోరు, మూడు విడి కొలతల సగటు. అడ్డగీత ఐదు బోర్ల సగటు, నిలువు గీత బోర్ల మధ్య ప్రామాణిక విచలనం (n = 5 బోర్లు). చుక్కల గీత 1.5 మి.గ్రా./లీ."

వచనంలో ఒట్టి "2.7 ± 1.1" అని రాయకండి. ± తర్వాత ఉన్నది ఎస్‌డియా, ఎస్‌ఈయా అన్నది ఆ గుర్తును చూసి ఎవరూ చెప్పలేరు.

"ఈ ఊరి సగటు పరిమితి దాటిందా?" అని వైవాలో అడిగితే ఏం చెప్పాలె?

తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1.0 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. మీ ఐదు బోర్ల సగటు 2.7 కాబట్టి "దాటింది సర్" అని టక్కున అనేయాలనిపిస్తుంది.

ఆగి లెక్క చూడండి. ఎస్‌ఈ 0.49. ఐదు బోర్లకు టి విలువ 2.776, ఎస్‌ఈతో గుణిస్తే 1.36. అంటే 95 శాతం విశ్వాస అంతరం 1.34 నుంచి 4.06 వరకు. 1.5 దాని లోపలే ఉంది. ఐదు బోర్లతో ఊరి సగటు 1.5 దాటిందని గట్టిగా అనలేం. పదిహేను రీడింగుల్నీ కుప్పపోసి తప్పు లెక్క కట్టి ఉంటే ఎస్‌ఈ 0.26, టి విలువ 2.145 తీసుకుని అంతరం 2.14 నుంచి 3.26 అయ్యేది. 1.5 బయటపడేది, మీరు ధైర్యంగా "దాటింది" అనేవారు. అడిగినాయన తర్వాతి ప్రశ్న n గురించే అవుతుంది.

అక్కడితో ఆపకండి. ఐదింటిలో నాలుగు బోర్లు 2.1, 2.8, 3.4, 4.0 దగ్గర ఉన్నాయి. ఒక్కో బోరు కొలత ఊగేది 0.1 మాత్రమే కాబట్టి, కాలిబ్రేషన్ సరిచూసి ఉంటే, ఆ నాలుగు బోర్ల నీళ్లు 1.5 దాటాయని నిస్సందేహంగా చెప్పొచ్చు. ఇ బోరు 1.2, అది దాటలేదు. ఊరి సగటు నీళ్లు ఎవరూ తాగరు, ఎవరి బోరు నీళ్లు వాళ్లు తాగుతారు. అందుకే ఈ ప్రశ్న వస్తే బోర్ల వారీ పట్టిక ఉన్న పేజీ ముందు తీయండి.